మా పాప బడి ఆయమ్మకు కృతజ్ఞతలు

ఈ పోస్టు తిరుపతిలో మా పాప చదివే ప్రభుత్వ బడిలో మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయమ్మ కోసం రాస్తున్నాను. ఆమె దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తే దయచేసి ఆమెకు చదివి వినిపించండి. నైట్ డ్యూటీ దిగి వచ్చి, పడుకుందామన్నా నిద్ర పట్టక రాస్తున్నాను. అక్కడక్కడ వరుస తప్పితే మన్నించండి.

మేము మొన్న జూన్ వరకు తిరుప్పూరులో ఉన్నాం. నేను బనియన్ కంపెనీలో టైలర్‌ని. మా ఆవిడది ఆ ఊరే. నేను షిఫ్టులకు పోతే పాప రోజంతా వాళ్లమ్మ, అమ్మమ్మల దగ్గరే పెరిగింది కాబట్టి ఇంట్లో అంతా తమిళమే. మూడో తరగతి దాకా తమిళ మీడియంలో చదివింది. మా నాన్న పోయాక అమ్మ ఇక్కడ ఒంటరిదైందని తిరుపతికి వచ్చేశాం. "తిరుపతిలో అరవం రానోళ్లు ఎవురబ్బా, నెల తిరక్కుండా కలిసిపోతుంది" అని అందరూ ధైర్యం చెప్పారు. బస్టాండులోనో, పూలంగట్లోనో అయితే ఆ మాట నిజమే. పాప క్లాసులో మాత్రం తమిళంలో పలకరించే పిల్ల ఒక్కతీ లేదు.

మొదట్లో పాప రోజూ నీళ్ల బాటిల్ నింపింది నింపినట్టే ఇంటికి తెచ్చేది. ఇంటికి రాగానే బ్యాగ్ విసిరేసి బాత్‌రూమ్‌కు పరుగు. ఎండకు దాహం వేయట్లేదా అంటే మాట్లాడేది కాదు. సంగతి కనిపెట్టింది ఆయమ్మ. ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపి చెప్పింది: "మీ పాప నీళ్లు తాగేదే లేదు నాయనా. తాగితే ఒంటేలుకి పోవాల, పోవాలంటే టీచర్ని అడగాల. అడిగేదానికి మాట రాక బిగబట్టుకోని కూర్చుంటా ఉంది. నేను చూసుకుంటాలే, నువ్వు బిడ్డను తిట్టొద్దు."

ఊరికే అనలేదు, చూసుకుంది. అదే క్లాసులో రెండో బెంచీలో కూర్చునే ఒక పాపను పిలిచి, "నువ్వు పోయేటప్పుడు ఈ పాపను గూడా పిల్చుకోని పో" అని పని అప్పజెప్పింది. టీచర్‌కు చెప్పి, ఇద్దరూ చెయ్యెత్తితే చాలు, అడగాల్సిన పని లేకుండా చేసింది. ఇంటర్వెల్‌లో తనే గది గుమ్మం దగ్గర నిలబడేది. వారం తిరిగేసరికి బాటిల్ ఖాళీగా రావడం మొదలైంది. డాక్టర్ దగ్గరికి తీసుకుపోదామనుకుంటున్న రోజులవి.

ఒకరోజు పండ్లు తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లి, మీకెలా తెలిసిందమ్మా అని అడిగాను. "నేను చిన్నప్పుడు మాయమ్మతో మద్రాసుకు మట్టిపనికి పొయ్యుంటి. నాకు అరవం రాదు. యాడికి పోవాలో అడిగేదానికి రాక పొద్దుగూకేదాకా బిగబట్టుకుంటా ఉంటి. కడుపులో నొప్పికి ఏడిస్తే ఎందుకేడస్తా ఉండానో గూడా ఎవురికీ తెలీదు" అంది. బడి గేటు ముందర, పిల్లలు చూస్తుండగా నాకు ఏడుపు ఆగలేదు. ఆమె పండ్లలో సగం తిరిగి నా సంచిలో వేసి, ఇంట్లో పెద్దామెకు ఇవ్వమంది.

ఇక స్నేహం సంగతి. రెండో బెంచీ పాప, మా పాప కలిసి వెళ్లి రావడమే తప్ప చాలా రోజులు ఒక్క మాట లేదు. తర్వాత మధ్యాహ్న భోజనంలో పళ్లేలు పక్కపక్కన చేరాయి. అసలు కలిపింది అచ్చంగాయలు. ఒక రాయి పైకెగరేసి, అది కిందికి వచ్చేలోపు కింద ఉన్నవి ముందు ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసి, ఆపైన మూడూ ఒకటి, చివరికి నాలుగూ ఒకేసారి ఏరాలి. తిరుప్పూరులో మా పాప వీధి అరుగు మీద ఆడింది సరిగ్గా ఈ ఆటే. నేర్పేవాళ్లతో పని లేదు, నోటితో పని లేదు. ఆట బాగా వచ్చు కాబట్టి పిల్లలు తమ జట్టులోకి లాక్కున్నారు. దసరా సెలవులయ్యాక ఒకరోజు, పక్కనున్న రాయి కదిలింది, ఔట్ అన్నారట. దానికి మా పాప లేచి నిలబడి "కదల్లే! నేను తాకనే లేదు! నాదే ఆట!" అని అరిచిందట. బడిలో అది మాట్లాడిన మొదటి తెలుగు అదే. ఆయమ్మే పరుగున వచ్చి నాకు చెప్పింది, తన మనవరాలికి మాట వచ్చినంత సంబరంగా.

ఆ మధ్యలో బడిలో ఒకాయన, పిల్లకు బుర్ర ఎక్కట్లేదు, రెండో తరగతిలో కూర్చోబెడదామన్నారు. అప్పుడు ట్రైనింగ్‌కు వచ్చిన ఒక టీచరమ్మ అడ్డుపడింది. కొత్త భాషలో పడిన పిల్లలు కొన్ని నెలలు నోరు విప్పకుండా వినడం మామూలేనని, ఆ టైంలో బలవంతంగా లేపి మాట్లాడిస్తే ఇంకా ముడుచుకుపోతారని చెప్పింది. పుస్తకం తీయమంటే అందరితో పాటు తీస్తోందా, నవ్వాల్సిన చోట నవ్వుతోందా, ఇంట్లో తన భాషలో గడగడా మాట్లాడుతోందా చూసుకోండి, ఇవన్నీ ఉంటే భయం లేదు, సొంత భాషలో కూడా మాట పడిపోతే మాత్రం డాక్టర్‌కు చూపించాలి అంది. ఇంట్లో తమిళం మానేయొద్దని గట్టిగా చెప్పింది. 'గోడ'ను 'కోడ' అని, 'బడి'ని 'పడి' అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేస్తుంటే, తమిళంలో క, గలకు ఒకే అక్షరం, ప, బలకు ఒకే అక్షరం, అందుకే అలా రాస్తోందని తోటి టీచర్లకు చెప్పింది కూడా ఆమే. ఆ జంటలు విడిగా పలికించి రాయించాక తప్పులు చాలా తగ్గాయి. మేడమ్, మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. మొదట వెళ్లిన బడిలో టీసీ రాలేదని పాపను చేర్చుకోలేదు. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లోనే ఉంది. తర్వాత పాత బడివాళ్లు ఆన్‌లైన్‌లో వదిలితే గాని ఇక్కడ పేరు ఎక్కదన్నారు. పేరు ఎక్కలేదు కాబట్టి బ్యాగు, బూట్లు, పుస్తకాలు ఏవీ లేవు. అందరికీ కొత్త బ్యాగులుంటే భాష రాని పిల్ల ఒక్కతే బట్ట సంచితో పోయింది. ఇక ఆయమ్మకు ఇచ్చేది నెలకు 6,000 రూపాయలు. అది కూడా నెల నెలా రాదట. అప్పు చేసి ఫినాయిల్ కొన్నానంది. నా బిడ్డ కష్టం కనిపెట్టిన మనిషికి జీతం సరిగ్గా ఇవ్వలేమా?

మా ఆవిడ, మా అమ్మ పడ్డ శ్రమ చెప్పనక్కర్లేదు, వాళ్లకు తెలుసు. మా తమ్ముడు ఆధార్ పనికి తిరిగాడు.

అయ్యో, రెండో బెంచీ పాప వాళ్లమ్మకు చెప్పనే లేదు. ఆదివారాలు మా పాపను వాళ్లింటికి పిలిపించుకుని దోసెలు పోసి పెడుతుంది. అక్కా, చాలా థాంక్స్. పాత నాలుగో తరగతి పుస్తకాలు ఉచితంగా ఇచ్చిన పక్కింటి సార్‌కు కూడా. స్కూల్ ఆటో అన్నకు కూడా, పాపను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని దారిలో బోర్డులన్నీ చదివించాడు. అన్నా, ఈ నెల డబ్బులు సోమవారం ఇస్తాను.