‘కూలీ’ మాట మీద ఆ ముద్ర ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

మన చెన్నైలో ఒక తెలుగు సంఘం మేడే కరపత్రంలో ‘కూలీలు’ కొట్టేసి ‘శ్రామిక సోదరులు’ అని వేసిందని మీరు పోయిన వారం రాశారు. ఇంగ్లీషు డిక్షనరీలో ఆ మాట పక్కన ‘ఆఫెన్సివ్’ అని ఉందట. ఎవరో ఒకరు జవాబిస్తారని చూశాను. ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను.

ఆ ముద్ర ఉన్నమాట నిజమే. కానీ అది వేసింది ఇంగ్లీషు మాటకు. 1860లో ట్రూరో ఓడ మన మద్రాసు రేవు నుంచే కూలీలను దక్షిణాఫ్రికాలోని నాటాల్ తీసుకుపోయింది. తర్వాత అక్కడి తెల్లవాళ్లు భారతీయులు ఎవరైనా సరే ఆ మాటతోనే పిలిచారు. దుకాణం నడిపేవాడు కూలీ వర్తకుడు, గాంధీగారు కూలీ బారిస్టరు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. నిఘంటుకారులు వెతికే సాక్ష్యం ఇలాంటిదే. ఆ పని చేయనివాళ్లను కూడా ఆ పేరుతో పిలిచారంటే, మాట పనిని వదిలేసి జాతి మీద పడిందన్నమాట.

నేను కొన్నాళ్లు నిఘంటువు పనిలో కార్డులు రాశాను. ఒక్కో కార్డు మీద మాట వాడిన వాక్యం పూర్తిగా ఎక్కించాలి. అది ఎక్కడిది, ఏ సంవత్సరం, ఎవరు ఎవరితో అన్నారు అన్నది కింద రాయాలి. ఇప్పుడు కంప్యూటర్లో వాక్యాలను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఆ మాటకు అటూ ఇటూ ఏముందో చూస్తారు. తెలుగులో ‘కూలీ’ పక్కన కనిపించేవి వ్యవసాయం, ఉపాధి హామీ, రేట్లు. తిట్టు కాదు. ‘కూలోడివి, నీకెందుకురా’ అన్నచోట సంగతి వేరు. ‘కూలోడు’కు విడిగా ‘కించపరిచేది’ అని రాయాల్సిందే. అదీ అన్నిచోట్లా కాదు, తోటి కూలీ చనువుగా పిలిస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

అచ్చులో ఏ మాట పక్కన ఏది ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క ఒక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. తిట్టు నోట వస్తుంది, అచ్చుకు వచ్చేసరికి సబ్‌ఎడిటర్ కొట్టేస్తాడు. అందుకే ఆ మాట వద్దని జనం రాసిన ఉత్తరాలు, కోర్టుకెక్కిన గొడవలు కూడా సాక్ష్యంగా తీసుకుంటారు. అనేవాడి ఉద్దేశం ఒకటి, వినేవాడి బాధ ఇంకొకటి. మంచి నిఘంటువులు వీటికి వేర్వేరు ముద్రలు వేస్తాయి.

మనకు సాక్ష్యం అడిగే అలవాటే తక్కువ. చిన్నయసూరి వ్యాకరణానికి విరుద్ధమైన భాషను గ్రామ్యం అన్నారు. ఒక మాటను ఎవరు, ఎక్కడ, ఎలా వాడుతున్నారన్న ప్రశ్న అందులో లేదు. ఇప్పటికీ పాత నిఘంటువుల ముద్రలనే దించుకుని కొత్త అట్ట వేసి అమ్మేవాళ్లున్నారు. భాష పేరిట సభలకు, శాలువాలకు డబ్బు దొరుకుతుంది. కార్డులు రాసే కుర్రాడి జీతం దగ్గరికి వచ్చేసరికి నిధులు ఉండవు.

ఆ సంఘం పెద్దలు కోయంబేడు మార్కెట్లో మూటలు దించే తెలుగువాళ్లను ఎవరినైనా అడిగారా? ఆ మాట మాకు నొప్పి అని వాళ్లంటే అదీ సాక్ష్యమే, తీసేయండి. వాళ్లను అడగకుండా మాత్రం తీయకండి.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై