శ్రీరాములు గారు అడిగిన రాష్ట్రం నవంబరు 1న పుట్టలేదు

సంపాదకుడు గారికి,

నవంబరు ఒకటో తేదీ సంచికలో రాష్ట్రావతరణ మీద మీరు వేసిన ప్రత్యేక కథనం గురించి ఈ ఉత్తరం. కంటి ఆపరేషన్ వల్ల ఇన్నాళ్లూ కలం పట్టలేదు. ఈలోగా ఎవరో ఒకరు రాస్తారులే అనుకున్నాను, ఎవరూ రాయలేదు.

‘పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ ఫలితంగా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, దేశంలో అదే తొలి భాషా రాష్ట్రం’ అని రాశారు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. ఏటా ఎవరో ఒకరు ఇలాగే రాస్తారు, నేనూ చదివి పేజీ తిప్పేస్తాను. ఈసారి తిప్పలేకపోవడానికి కారణం ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు. బడిలో పెట్టిన క్విజ్‌లో తొలి భాషా రాష్ట్రం ఏదంటే ‘ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబరు 1’ అని రాసింది. ఎర్ర సిరాతో ఇంటూ మార్కు కొట్టారు. మా అబ్బాయి వెళ్లి అడిగితే టీచరమ్మ సొరుగులోంచి మీ పేపరు కత్తిరింపు తీసి చూపించారట!

శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకు కూర్చున్నది 1952 అక్టోబరు 19న. 58 రోజులు అన్నం ముట్టక డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఊళ్లు భగ్గుమన్నాయి, రైళ్లు ఆగిపోయాయి, పోలీసు కాల్పుల్లో జనం పోయారు. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ గారు మద్రాసు నగరం లేని ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. అది 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా వచ్చింది. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారు. మీరు చెబుతున్న నవంబరు 1 ఆ తర్వాత మూడేళ్లకు వచ్చింది. ఒరిస్సా 1936లోనే రాలేదా అని ఎవరైనా అడ్డం తగులుతారేమో, అది బ్రిటిష్ వాళ్ల కాలం. స్వతంత్రం వచ్చాక మనదే మొదటిది.

అసలు ఆయన ప్రాణం మీదికి ఎందుకు వచ్చిందో మీ కథనంలో ఒక్క ముక్క లేదు. 1949లోనే నెహ్రూ, పటేల్, పట్టాభి గార్ల కమిటీ ఒక మాట అన్నది: మద్రాసు నగరం మీద హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ముందుగా ఇవ్వొచ్చని. మనవాళ్లు వదల్లేదు. ప్రకాశం గారైతే ససేమిరా అన్నారు. చేతిదాకా వచ్చినది జారిపోయింది. 1951లో మన గుంటూరు మనిషి స్వామి సీతారాం 35 రోజులు నిరాహారదీక్ష చేసి, వినోబా గారి మాట మీద విరమించారు. అప్పుడైనా ఢిల్లీ కదిలిందా? 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలోని 140 సీట్లలో కాంగ్రెసుకు మూడో వంతు కూడా రాలేదు, కమ్యూనిస్టులు బలమైన పక్షంగా లేచారు. రాష్ట్రం కావాలన్న వాడికి ఓటు, నాన్చినవాడికి దెబ్బ. భాష పార్టీల తలరాత మార్చడం ఎన్టీఆర్‌తో 1983లోనే మొదలైందని రాసే మీ యువ విలేకరులు ఈ లెక్క కూడా ఒకసారి చూస్తే బాగుండు.

ఇక ఒక భాష వాళ్లంతా ఒక ఇంట్లో చేరితే తగాదా తీరుతుందనుకోవడం అమాయకత్వం. కోస్తావాళ్ల కింద పడిపోతామని రాయలసీమవాళ్లకు మొదటినుంచీ అనుమానం. అందుకే 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్‌లో ఒప్పందం చేసుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదు, వాటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. 1953లో కమ్యూనిస్టులు విజయవాడ, గుంటూరు అని ఎంత పట్టుబట్టినా రాజధాని కర్నూలుకు వెళ్లింది. అక్కడ కార్యాలయాలు డేరాల్లో నడిచాయి. హైకోర్టు మరుసటేడు గుంటూరుకు వచ్చింది.

ఆ హైకోర్టులో మా నాన్న గుమాస్తా. ఆయన ట్రంకుపెట్టె ఇప్పటికీ మా అటక మీదుంది. దాని మూత మీద తెల్లరంగుతో ‘గుంటూరు’ అని ఉంటుంది, దాన్ని కొట్టేసి కింద ‘హైదరాబాదు’ అని ఉంటుంది. 1956లో కోర్టుతోపాటు ఆయనా తరలి వెళ్లారు. శ్రీరాములు గారు అడిగినది మొదటి పేరు. మీరు పండగ చేసుకుంటున్నది రెండోది.

ఆ రెండోది ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచమన్నది. 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపమన్నది. అంతవరకు ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవాడు కావాలన్నది అందులో ఒక షరతు. రాష్ట్రం పుట్టిన రోజున సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు, ఉపముఖ్యమంత్రి కుర్చీయే వేయలేదు! ఇంటి పునాదిలోనే ఒక రాయి తీసేశారన్నమాట. 1969లో వాళ్లు, 1972లో మనం రోడ్డెక్కాం. భాష ఒకటే, యాసలూ ఉద్యోగాలూ నీళ్లూ వేరు. చివరికి 2014లో మన అసెంబ్లీ విభజన బిల్లును తిప్పికొట్టినా ఢిల్లీ లెక్క చేయలేదు. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం శాసనసభను అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. 1953, 1956లను కలిపి ముద్ద చేస్తే పిల్లలకు 2014 ఎలా అర్థమవుతుంది?

2014లో హైదరాబాదు వెళ్లిపోయాక మనకు మిగిలిన పటం కాస్త అటూఇటూగా 1953 నాటి పటమే. అయినా కొన్నేళ్లు జూన్ 2న నవనిర్మాణ దీక్ష అన్నారు, 2019 నుంచి మళ్లీ నవంబరు 1 అన్నారు. ఏ పార్టీవాళ్లు గద్దెనెక్కితే వాళ్ల తేదీ. మన పేటలో కట్టిన ఫ్లెక్సీలో శ్రీరాములు గారి బొమ్మ కింద 1956 అని వేశారు, పక్కన నాయకుడి బొమ్మ ఆయనకు రెండింతలు. ఆ సభకు వచ్చిన అధికారి తెలుగు గొప్పతనం మీద ఇంగ్లిషులో మాట్లాడారు. తెలుగు అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. నేను పంచాయతీరాజ్ శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యాను, పైనుంచి తెలుగులో వచ్చిన ఉత్తర్వులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది మరో ఉత్తరానికి సరిపడా సంగతి, ఇక్కడ ఆపుతాను.

దయచేసి తప్పు వేసిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. సినిమా ప్రకటనల కింద చిన్న అక్షరాల్లో వేస్తే టీచరమ్మ కంట పడదు. వేశాక ఆ కత్తిరింపు పట్టుకుని బడికి నేనే వెళతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ