ఆ పొట్ట మీద చెయ్యి

చిరంజీవి సౌమ్యకు,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెరట్లో మామిడి పూత ఈసారి నిలిచింది. సంక్రాంతికి వెళ్ళిన తర్వాత నువ్వు రెండుసార్లే ఫోను ఎత్తావు, రెండుసార్లూ డ్యూటీలో ఉన్నానని పెట్టేశావు. నీకు పంపిన సున్నిఉండలు డబ్బాలో అలాగే ఉన్నాయని రాజ్యం అత్తయ్య చెప్పింది. నువ్వు పీజీ మానేస్తానంటున్నావని కూడా ఆవిడే చెప్పింది. కోప్పడకు, నీ గదిలో ఉండే అమ్మాయికి నేనే ఫోను చేసి సంగతంతా అడిగాను.

రెండున్నరేళ్ళ పాప, మూడు వారాలుగా కాలు నొప్పి, రాత్రిళ్ళు ఏడుపు, కుంటుతూ నడక, మధ్యమధ్య జ్వరం. నువ్వు ఓపీలో చూసి, మోకాళ్ళు తిప్పి, రక్తం తక్కువగా ఉందని ఐరన్ మందు రాసి పంపావు. నెల తర్వాత కళ్ళ చుట్టూ నల్లగా కమిలి మళ్ళీ వచ్చింది. పడిపోయి తలకు దెబ్బ తగిలిందేమోనని అనుకున్నారు. స్కానులో ఎడమ మూత్రపిండం పైన, అడ్రినల్ గ్రంథి చోట, సున్నపు చుక్కలున్న గడ్డ కనపడింది. అది నడిమి గీత దాటి పెద్ద ధమనిని చుట్టుకుని ఉంది. న్యూరోబ్లాస్టోమా, అంటే చిన్నపిల్లల్లో నరాల కణాల నుంచి పుట్టే క్యాన్సరు గడ్డ అని అనుమానం. ఇంత వరకూ నాకు తెలిసింది.

ఇలాంటి గడ్డల గురించి నేను నీకు ఇంట్లో ఎన్నడూ సరిగ్గా చెప్పలేదు. శస్త్రచికిత్స కబుర్లు భోజనాల దగ్గర వద్దని బామ్మ అనేది కదా. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒకడి సంగతి ఇప్పుడు రాస్తాను.

1994లో మూడున్నరేళ్ళ పిల్లవాడిని తల్లి తీసుకొచ్చింది. నలుగు పెట్టి స్నానం చేయిస్తుంటే కుడి డొక్కలో గట్టిగా తగిలిందట. పిల్లవాడు చూడడానికి హుషారుగానే ఉన్నాడు, తింటున్నాడు, వార్డంతా పరుగులు తీస్తున్నాడు. విల్మ్స్ ట్యూమర్, అంటే పిల్లల మూత్రపిండపు గడ్డ, ఎక్కువగా ఇలాగే వస్తుంది: మూడు నాలుగేళ్ళ ఆరోగ్యవంతుడైన బిడ్డ, తల్లి చేతికి తగిలిన నున్నని గడ్డ. కొందరికి మూత్రంలో రక్తం పడుతుంది, కొందరికి రక్తపోటు పెరుగుతుంది. వీడికి రక్తపోటు 140/90 ఉంది, ఆ వయసుకు అది చాలా ఎక్కువ. గడ్డ రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేయడమే అందుకు కారణం. అల్ట్రాసౌండులో గడ్డ మూత్రపిండం లోపలి నుంచే పెరిగి, దాని మిగిలిన భాగాన్ని గోళ్ళతో పట్టుకున్నట్టు పక్కకు నెట్టింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. నాలుగు వారాలు విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్ ఇచ్చి, గడ్డ కుంచించుకున్నాక మూత్రపిండంతో సహా తీసేద్దామని నిర్ణయించాం. అలా జరిగి ఉంటే ఆ రెండు మందులతోనే కొద్ది నెలల్లో చికిత్స ముగిసి ఉండేది.

మందు మొదలుపెట్టే ముందు రెండు రోజులు వాడు వార్డులో ఉన్నాడు. అంత చక్కగా చేతికి తెలిసే గడ్డ మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందోనని నేనే విద్యార్థులను పిలిచి, ఒకరి తర్వాత ఒకరిని ఆ పొట్ట మీద చెయ్యి వేయమన్నాను. ఎంతమంది నొక్కారో లెక్క లేదు. రెండో రాత్రి వాడు నొప్పితో మెలికలు తిరిగాడు. పొట్ట బిగుసుకుంది, రక్తం తొమ్మిది గ్రాముల నుంచి ఆరుకు పడిపోయింది. గడ్డ పగిలింది. పిల్లవాడిని నిలబెట్టగలిగాం, నాలుగు వారాల మందు తర్వాత గడ్డను తీశాం కూడా. సూక్ష్మదర్శినిలో అది మంచి రకంగానే తేలింది, కణాలు వికృతంగా మారే అనాప్లాసియా లేదు. కానీ పగిలిన గడ్డ అయినందువల్ల వాడు మూడో దశలోకి వెళ్ళాడు. డోక్సోరుబిసిన్ చేర్చవలసి వచ్చింది, పొట్ట మొత్తానికీ రేడియేషన్ ఇవ్వవలసి వచ్చింది. వాడు బతికాడు. పెద్దవాడయ్యాక చూపించుకోవడానికి వచ్చినప్పుడు, కాళ్ళతో పోలిస్తే మొండెం పొట్టిగా ఉండడం గమనించాను. రేడియేషన్ తగిలిన వెన్నెముక పూర్తిగా ఎదగదు. నొక్కకుండా వదిలేసి ఉంటే ఆ గడ్డ పగిలి ఉండేది కాదని నేను నిశ్చయంగా చెప్పలేను. అయినా ఆ రోజు నుంచి నా వార్డులో విల్మ్స్ పిల్లవాడి మంచం మీద “పొట్ట నొక్కరాదు” అని అట్ట కట్టించాను.

నేను ఒక పొట్టను అతిగా తడిమించాను, నువ్వు ఒక పొట్టను అసలు తడమలేదు. ఇది తప్పేనని చెప్పక తప్పదు, తల్లిగా దాచి చెప్పడం నాకు చేతకాదు. కుంటుతూ, రక్తం తగ్గి, ఊరికే ఏడ్చే చిన్నబిడ్డ వస్తే మోకాలి మీద ఎంత శ్రద్ధ పెడతామో పొట్ట మీద, కళ్ళ మీద, మెడ మీద అంత శ్రద్ధా పెట్టాలి. విల్మ్స్ పిల్లవాడిలా కాక న్యూరోబ్లాస్టోమా బిడ్డ చాలాసార్లు జబ్బుగానే కనపడుతుంది. గడ్డ గరుకుగా, ముడులుగా ఉండి మధ్య గీత దాటుతుంది. కళ్ళ చుట్టూ కమలడం కంటిగూటి ఎముకల్లోకి అది పాకడం వల్లనే.

ఇక నిన్ను నిద్రపోనివ్వనిది ఇదేనని నా అనుమానం: ఆ నెల ఆలస్యం వల్ల పాప ఎక్కువ ప్రమాదమున్న వర్గంలోకి వెళ్ళిందా? నువ్వు చూసిన రోజునే ఆ కాలు నొప్పి ఎముకల నుంచో మజ్జ నుంచో వస్తోంది. అంటే వ్యాధి అప్పటికే పాకింది. పద్దెనిమిది నెలలు దాటిన బిడ్డలో వ్యాధి దూరంగా పాకి ఉంటే, గడ్డలో ఎమ్‌వైసీఎన్ అనే, వ్యాధిని ఉధృతం చేసే జన్యువు ప్రతులు పెరిగి ఉన్నా లేకపోయినా అది హై రిస్కే. అందువల్ల నువ్వు ఆ రోజు పొట్ట తడిమి ఉన్నా వర్గం మారేది కాదు. ఆ నెల నొప్పి మాత్రం పాపకు తప్పేది, దాన్ని నేను కొట్టిపారెయ్యను.

వయసు ఎందుకంత పట్టించుకుంటారని నీకు అనిపిస్తే, ఎనిమిది నెలల పసికందును ఊహించుకో. కాలేయం నిండా, చర్మం మీద, మజ్జలో కొద్దిగా వ్యాధి ఉన్నా, ఎమ్‌వైసీఎన్ పెరగకపోతే, ఇబ్బంది కలగనంత వరకూ కొన్నిసార్లు మందే ఇవ్వకుండా కనిపెట్టి ఉంటారు. అది తానే కరిగిపోవచ్చు. అదే మీ పాపకైతే కీమోథెరపీ, గడ్డ తీయడం, పెద్ద మోతాదు మందు ఇచ్చి ముందే సేకరించిన ఆమె సొంత మూలకణాలను తిరిగి ఎక్కించడం, రేడియేషన్, ఐసోట్రెటినాయిన్, దొరికితే ఆ గడ్డ కణాల పైన ఉండే జీడీ2 మీద పనిచేసే యాంటీబాడీ. ఇవన్నీ కలిపి ఏడాదికి పైగా పడుతుంది. అంత చేసినా దాదాపు సగం మందే దీర్ఘకాలం బతుకుతారు. మంచి రకం విల్మ్స్‌లో సుమారు పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. గడ్డ చోటు పక్కపక్కనే అయినా ఈ రెండింటికీ దారులు వేరు. అందుకే వ్యాధి ఎంతవరకు పాకిందో చూపే ఎంఐబీజీ స్కాను, మజ్జ పరీక్ష రెండు వైపుల నుంచీ, ఆ గడ్డ వల్ల మూత్రంలో పెరిగే వీఎంఏ, గడ్డ ముక్క ఫలితం అన్నీ రాకముందు ఆ తల్లికి ఏ మాటా తేల్చి చెప్పకు. వచ్చాక నువ్వే కూర్చోబెట్టి చెప్పు, ఇంకొకరి చేత చెప్పించకు.

సున్నిఉండలు తిను. ఎండ ముదిరింది, నీళ్ళ సీసా మరిచిపోకు, టోపీ లేకుండా మధ్యాహ్నం స్కూటీ మీద తిరగకు. పీజీ సంగతి నాన్నగారికి నేనింకా చెప్పలేదు. మజ్జ ఫలితం ఎప్పుడొస్తుందో నాకు రాయి. ఆ పాపకు జ్వరం తగ్గిందా?

ప్రేమతో,
అమ్మ