మీ పెళ్లి వీడియో ఎందుకు ఆలస్యమైందంటే

"పెళ్లయి రెండు నెలలు దాటింది. ఎప్పుడు అడిగినా ఎడిటింగ్ నడుస్తోందంటున్నారు. అసలు ఏం జరిగిందో చెప్పండి."

తప్పు మా దగ్గరే జరిగింది. ఆ పెళ్లిని ఒకే రకం కెమెరాలు రెండు పెట్టి తీశాం. ఖాళీ కార్డు వేస్తే రెండింటిలోనూ క్లిప్పుల పేర్లు `C0001.MP4` నుంచే మొదలవుతాయి. మండపానికి ఎదురుగా పెట్టిన కెమెరాలో 118 క్లిప్పులు, పక్కన పెట్టిన దానిలో 96. నిద్ర లేక తూలుతున్న మా కుర్రాడు రెండు కార్డులనూ ఒకే ఫోల్డర్‌లోకి ఎక్కించాడు. ఇవే పేర్లతో ఫైళ్లు ఉన్నాయి, వాటి స్థానంలో కొత్తవి పెట్టాలా అని కంప్యూటర్ అడిగితే సరేనన్నాడు. ఎదుటి కెమెరా తీసిన మొదటి 96 క్లిప్పులూ చెరిగిపోయాయి. 214 ఉండాల్సిన ఫోల్డర్‌లో 118 మిగిలాయి. ఆ రాత్రే లెక్కపెట్టి ఉంటే దొరికిపోయేది. నేనూ చూడలేదు.

ఎడిటింగ్ జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చాక గాని తెలియలేదు. ఎటు చూసినా పక్కనుంచి తీసిన దృశ్యమే, అందులో సగం అడ్డుతెర అంచు. పరుగెత్తి సంచి వెతికితే మొదటి కార్డు చెరపకుండా అలాగే ఉంది. తర్వాతి ముహూర్తానికి ఇంకా వారం ఉండటం మా అదృష్టం. క్లిప్పులన్నీ దక్కాయి, కానీ అప్పటిదాకా కూర్చిన వీడియోను మళ్లీ మొదటి నుంచి కూర్చాల్సి వచ్చింది. ఎడిటింగ్ నడుస్తోందని చెప్పింది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. క్షమించండి.

ఇప్పుడు ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డర్. ఎక్కించగానే పేర్లు మారుస్తాం:

```
20250216_A_C0042.MP4
20250216_B_C0042.MP4
```

సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతట అవే తేదీల వరుసలో నిలబడతాయి. A అంటే ఎదుటి కెమెరా, B అంటే పక్కది. పేర్లు మార్చడం ఎడిటింగ్‌కు ముందే జరగాలి. తర్వాత మారిస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ క్లిప్పులను గుర్తుపట్టదు. ఆ తర్వాత ఎదురుకోలు, తలంబ్రాలు, అప్పగింతలు అంటూ వేరుచేసి పెడతాం. దీనికి ఒక పూట పడుతుంది, కానీ తలంబ్రాల కోసం 214 క్లిప్పులూ తెరిచి చూసే బాధ ఉండదు.

కార్డులోని క్లిప్పుల సంఖ్య, మొత్తం సైజు రెండు హార్డ్ డిస్కుల్లోనూ సరిపోవాలి. రెండింటిలోనూ అక్కడక్కడా క్లిప్పులు తెరిచి చూశాకే కార్డు చెరుపుతాం. ఒక డిస్కు దుకాణంలో, రెండోది మా ఇంట్లో. ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు చిన్నదే కాబట్టి దాన్ని ప్రతి సాయంత్రం మూడో చోటికీ పంపుతున్నాం. అయితే అందులో వీడియో ఉండదు, ఏ ముక్క ఎక్కడ అతికించామన్న లెక్కే ఉంటుంది. క్లిప్పులు పోతే అది ఎందుకూ పనికిరాదు.

ఇంకో మాట. మేము వాడే నాణ్యతలో ఒక్క కెమెరా గంటసేపు తీస్తే దాదాపు 45 జీబీ అవుతుంది. అన్ని పెళ్లిళ్లనూ ఎప్పటికీ దాచే స్తోమత మాకు లేదు. వీడియో చేతికిచ్చిన ఆరు నెలల తర్వాత అసలు క్లిప్పులు తీసేస్తాం. కావాలనుకున్నవారు అంతలోపు 1 టీబీ హార్డ్ డిస్కు తెచ్చుకోండి, ఎక్కించి ఇస్తాం. దానికి డబ్బు తీసుకోం.