వానాకాలం మెనూ, సోమవారం నుంచి

అందరికీ నమస్కారమండీ. ఈసారి మూడు కాంబోలే పెట్టాం, వేడిగా పంపగలిగినవే.

🌧️ మిరపకాయ బజ్జీలు 4, అల్లం టీ 2 కప్పులు: ₹120
🌧️ ఉల్లి పకోడీ 200 గ్రాములు, అల్లం టీ 2 కప్పులు: ₹140
🌧️ మిరియాల చారు, అన్నం, కందిపొడి, నెయ్యి, అప్పడాలు (ఒకరికి): ₹150

3 కిలోమీటర్ల లోపు డెలివరీ ఉచితం. అంతకన్నా దూరమైతే చారన్నం మాత్రమే పంపుతాం. మూసిన డబ్బాలో బజ్జీ తన ఆవిరికే మెత్తబడుతుంది, వానగాలిలో తేమ తోడైతే ఇంకా త్వరగా. అందుకే డెలివరీ అబ్బాయి వచ్చాకే రెండోసారి వేయించి, చిల్లులున్న డబ్బాలో, చట్నీ విడిగా పెట్టి పంపుతాం. 5:20కి ఆర్డర్ ఇస్తే సుమారు 6:10కి మీ గుమ్మం దగ్గరుంటుంది. అందగానే మూత తీసేయండి. మెత్తబడితే మైక్రోవేవ్ వద్దు, నూనె లేని పెనం మీద సన్నసెగన రెండు నిమిషాలు చాలు.

బజ్జీ, పకోడీ ఆర్డర్లు సాయంత్రం 5:30 వరకు, చారన్నం రాత్రి 7:30 వరకు. జోరువాన ఉన్న రోజు రెండూ అరగంట ముందే ఆపేస్తాం, 4:30కల్లా ఇక్కడే చెబుతాం. రోడ్ల మీద నీళ్లు నిలిస్తే మా అబ్బాయిలను పంపం, మీ డబ్బు మొత్తం అదే రాత్రి వెనక్కి వేస్తాం.

ఆర్డర్‌తో పాటు ఫ్లాట్ నంబరు రాయండి.