కొత్త మెషిన్ వచ్చింది, స్కానింగ్ ఎందుకు ఆగింది

"అన్నా, కొత్త మెషిన్ తెచ్చి మూడు రోజులైంది, ఇంకా స్కానింగ్ లేదంటున్నావేంది?"

లేదనే అన్నాను, తప్పు నాదే. పద్నాలుగేళ్లుగా ఘట్‌కేసర్‌లో ఈ జిరాక్స్, నెట్ షాపు నడుపుతున్నవాణ్ని, మెషిన్ అమ్మినాయన మాట నమ్మి పాతది ముందే అమ్మేశాను. ఆయన మనిషి వచ్చి ప్రింట్ డ్రైవర్ వేశాడు, ఒక టెస్ట్ పేజీ తీశాడు, "అంతా రెడీ అన్నా" అని వెళ్లిపోయాడు. ప్రింట్, జిరాక్స్ బాగానే వచ్చాయి. స్కాన్ మాత్రం కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కి చేరలేదు. పంపిన ప్రతిసారీ మెషిన్ "కనెక్షన్ ఎర్రర్" అని ఒక కాగితం కక్కేది. అలాంటివి పంతొమ్మిది దాచాను, వెనకవైపు ఖాళీయే కదా, రఫ్‌కి పనికొస్తాయి.

ఆ రాత్రి షట్టర్ సగం దించి, సర్వీసింగ్ చేసే మా దోస్త్‌ని పిలిచాను. నేను అప్పటికే పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్చాను. ఆయన దాని జోలికి పోకుండా ముందు మెషిన్‌కి పింగ్ కొట్టాడు, జవాబు వచ్చింది, అంటే కేబుల్ బాగుంది. తర్వాత తన ల్యాప్‌టాప్ నుంచి అదే యూజర్ నేమ్, అదే పాస్‌వర్డ్‌తో నా ఫోల్డర్ తెరిచాడు, తెరుచుకుంది. "మరి ఇద్దరూ బాగానే ఉన్నారు, మాట కలవట్లేదంటే భాష తేడా అన్నా" అని నా కౌంటర్ సిస్టమ్‌లో ఇది కొట్టాడు:

```
Get-WindowsOptionalFeature -Online -FeatureName SMB1Protocol
```

`Disabled` అని వచ్చింది. ఫోల్డర్‌కి ఫైలు పంపే పద్ధతిని ఎస్ఎంబీ అంటారు. నా మెషిన్‌కి అందులో మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు, విండోస్ దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసింది. 2017లో వానాక్రై అనే వైరస్ ఊళ్లకు ఊళ్ల కంప్యూటర్లకు తాళం వేసింది ఆ పాత వెర్షన్‌లోని లొసుగు పట్టుకునే. అంటే కొత్తదని నాకు అంటగట్టింది ఎంత పాత సరుకో నాకు అప్పుడు అర్థమైంది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "దాన్ని ఆన్ చేసుకో అన్నా, అందరూ అదే చేస్తారు" అని పెట్టేశాడు.

ఆన్ చేయడం రెండు నిమిషాల పని, మళ్లీ స్టార్ట్ చేస్తే అయిపోతుంది. నిజం చెప్తున్నా, మౌస్ దాని మీదే పెట్టి చాలాసేపు కూర్చున్నాను. బయట పొద్దున్నే స్కాలర్‌షిప్ ఫారాల పిల్లలు వస్తారు, వాళ్లు పక్క షాపుకి పోతే మళ్లీ రారు. కానీ ఆ సిస్టమ్‌లో ఉండేవి మీ ఆధార్‌లు, మార్కుల మెమోలు, పాస్‌బుక్కులు. క్యాబిన్లలో రోజుకి ఎన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారో, వాటిలో ఏముంటుందో నాకు తెలుసు. అవన్నీ నా కౌంటర్ సిస్టమ్ ఉన్న నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. వద్దనుకున్నాను. రెండు రోజుల గిరాకీ పోయింది, పోనీ.

మర్నాడు దోస్త్, నేను సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి రెండో ల్యాన్ కార్డ్ తెచ్చాం. ఇప్పుడు మెషిన్ రౌటర్‌కి లేదు, మీటరు పొడవు కేబుల్‌తో నేరుగా నా సిస్టమ్‌కే. ఆ కార్డ్‌కి 192.168.50.1, మెషిన్‌కి 192.168.50.2 అడ్రస్‌లు ఇచ్చాం, బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే గేట్‌వే ఖాళీగా వదిలేశాం. స్కాన్లు ఎస్ఎంబీ బదులు ఎఫ్‌టీపీ అనే ఇంకో పద్ధతి మీద వస్తాయి. "దానికి కూడా భద్రత లేదు కదా" అని అడిగాను. నిజమే, పాస్‌వర్డ్ దాపరికం లేకుండా పోతుంది, కానీ ఆ వైరు మీద వినేవాడెవడూ లేడు. "మరి ఈ వైరు మీదే ఆ పాత ఎస్ఎంబీ పెడితే?" అన్నాను. పెడితే అది మొత్తం సిస్టమ్‌కి తెరుచుకుంటుందట, క్యాబిన్లకు ప్రింటర్ షేర్ చేసే వైపు కూడా. ఇంత చేశాక కూడా మొదటి స్కాన్ రాలేదు, ఫైర్‌వాల్ అడ్డుపడింది. ఆ మెషిన్ అడ్రస్ ఒక్కదానికే దారి ఇచ్చాక, నా పాత కరెంట్ బిల్లు ఫోల్డర్‌లో వచ్చి పడింది. ఇద్దరం చాయ్ చెప్పుకున్నాం.

మీకు మారేది ఇంతే. క్యాబిన్ నుంచి ఇచ్చిన ప్రింట్ నా కౌంటర్ మీదుగా వస్తుంది, కాబట్టి ఒక మాట చెప్పి తీసుకోండి. స్కాన్ ఫైళ్లు రాత్రి తొమ్మిదిన్నరకు వాటంతటవే పోతాయి, "నిన్నటిది ఉందా అన్నా" అంటే ఉండదు, ముందే మెయిల్ చేయించుకోండి. రేట్లు పాతవే.

అమ్మినాయనకి ఇంకా ఎనిమిది వేలు ఇవ్వాలి. నిన్న ఫోన్ చేశాడు. వచ్చి ఆ పంతొమ్మిది కాగితాలు చూసి, తర్వాత తీసుకుపొమ్మన్నాను.