దీపావళి జీడిపప్పు పెట్టెలు ఆలస్యమైనందుకు మాస్టారికి నా జవాబు

"పండగకి రెండు రోజుల ముందే అందుతాయన్నారు. పండగ అయిపోయాక వచ్చాయి. స్టాఫ్‌కి చివరి నిమిషంలో స్వీట్ షాపులో కొనిపెట్టాను. దీపాల బొమ్మలున్న ఈ పన్నెండు పెట్టెలు నేనిప్పుడేం చేసుకోవాలి? పలాస సరుకని పేరే గానీ మాట మీద నిలబడరా? ఏం చేస్తారో చెప్పండి."

మాస్టారూ, నమస్కారం. ముందుగా క్షమించండి. మీ ట్యూషన్ సెంటర్‌లో పంతుళ్ళ ముందు, అటెండర్ల ముందు మీ మాట పోయింది. దానికి కారణం నా పెట్టెలే. మీతో పాటు ఆ వారం ఆర్డర్ ఇచ్చిన మరికొందరికీ ఇదే జరిగింది కాబట్టి వాళ్ళకి కూడా ఈ జవాబే పంపుతున్నాను.

మీకు చెప్పిన తేదీకి సరిపోయేలా ఫ్యాక్టరీ నుంచి పప్పు నాకు వచ్చింది. రాలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. వచ్చిన పప్పుని నేనే తిప్పి పంపాను. ఆలస్యం అక్కడే మొదలైంది.

మీరు అడిగింది 240 రకం గుండ్లు, అంటే విరగని నిండు పప్పు. ఈ నంబరు పౌనుకి లెక్క, అంటే సుమారు 454 గ్రాములకి. అంత తూకంలో 220 నుంచి 240 లోపు గుండ్లు రావాలి. 320 రకంలో అదే తూకానికి 300 నుంచి 320 దాకా వస్తాయి, అంటే గింజ చిన్నది, ధర కూడా తక్కువ. ఇంట్లో చూసుకోవాలంటే 100 గ్రాములు తూచి లెక్కపెడితే చాలు. 240 రకమైతే 49 నుంచి 53 వరకూ ఉంటాయి. 320 అయితే 66 దాటతాయి. ఆ రోజు వచ్చిన డబ్బాలోంచి 100 గ్రాములు తీస్తే నాకు 61 తేలాయి. పైన పెద్దవి, అడుగున చిన్నవి. రెండు రకాలూ కలిపేశారన్నమాట.

అది ఒక్కటే అయితే ధర తగ్గించుకుని, మీకు చెప్పి, పంపేద్దుననుకుంటాను. రెండోది నన్ను ఆపేసింది. జీడిపిక్కని ఆవిరికి ఉడికించి, పై చెక్క కొట్టాక, పప్పుని డ్రయ్యర్‌లో ఆరబెడతారు. తడి అయిదు శాతం లోపుకి దిగితేనే లోపలి ఎర్రపొట్టు వేలితో నలిపితే ఊడి వస్తుంది. పండగ తొందరలో దాన్ని ముందే బయటికి తీసేసినట్టున్నారు. పొట్టు ఊడక ఆడవాళ్ళు కత్తితో గీకాల్సి వచ్చింది. గుండు వంపులో ఎర్రటి మచ్చలు, వీపు మీద గీతలు. ఆరిన పప్పుని విరిస్తే టక్కున విరుగుతుంది. ఇది వంగి, మెల్లగా చీలింది. ఇలాంటిది వాక్యూమ్ కవర్‌లో వేస్తే ముందు ఏమీ తెలియదు. పండగ రోజు తిన్నా తెలియదు. కొన్ని వారాలు పోయాక కవర్ విప్పితే ముక్కిపోయిన వాసన కొడుతుంది. అప్పటికి పంచిపెట్టింది మీరు, తిట్టించుకునేది కూడా మీరే.

ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ ఆయన అన్న మాట ఇది: "పండగ సరుకు కదా, అట్టపెట్టెలో పోయేదాన్ని ఎవరు లెక్కపెడతారు?" ఏళ్ళ తరబడి ఆయన దగ్గరే కొంటున్నాను. ఎప్పుడూ అరువు పెట్టలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. కాశీబుగ్గలో పిక్క కొట్టే ఇళ్ళ మధ్య పెరిగిన వాణ్ణి, నాకు చెప్పే మాటా అది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పంపేస్తే టైముకి అందుతాయి, అందరూ సంతోషిస్తారు, నా డబ్బు నాకు వస్తుంది. తిప్పి పంపితే ఇంకో చోట దొరుకుతుందో లేదో తెలియదు. మన దగ్గర జీడి పంట వేసవికే అయిపోతుంది. దీపావళి వేళకి ఏ ఫ్యాక్టరీ అయినా నిలవ పిక్కల మీదా, బయట దేశాల నుంచి తెప్పించుకున్న పిక్కల మీదా నడవాల్సిందే. మంచి పెద్ద గుండ్లు ఆ వారం అడిగిన వెంటనే ఎవరూ ఇవ్వరు. మా ఆవిడ "పంపేయండి, ఎవరూ చూడరు" అంది. పొద్దున్నే తిప్పి పంపేశాను. అది తప్పంటే ఒప్పుకోను మాస్టారూ, రేపు మళ్ళీ అలాంటి సరుకే వచ్చినా అదే చేస్తాను.

కాకపోతే తిప్పి పంపిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పి ఉంటే స్వీట్ షాపుకి పండగ ముందు రోజు పరుగెత్తే పని మీకు ఉండేది కాదు. ఆ తప్పు నాదే.

కొత్త పప్పు వేరే చోట దొరికింది, ప్యాక్ చేసి కొరియర్‌కి ఇచ్చాను. "దారిలో ఉంది" అని నేను చెప్పింది ఆ తర్వాతే, అబద్ధం కాదు. అయితే ఆ దారి ఎలాంటిదో చూడండి. పార్సిల్ విజయనగరం దాటుకుని విశాఖ గోడౌన్‌కి వెళ్ళింది, పండగ లోడులో అక్కడ ఇరుక్కుపోయింది, తర్వాత వెనక్కి తిరిగి మీ ఊరొచ్చింది. పలాసలో రైలెక్కితే ఒక మనిషి మధ్యాహ్నానికి మీ గేటు ముందుంటాడు.

ఇక డబ్బు సంగతి. పన్నెండు అరకిలో పెట్టెలు, ఒక్కోటి 600 చొప్పున 7,200. కొరియర్‌కి 400. మొత్తం 7,600 మీరు ముందే కట్టారు. ఆ 400 ఏమైనా సరే మీకు తిరిగి ఇచ్చేస్తాను, టైముకి చేరనిదానికి రవాణా ఖర్చు తీసుకోవడం న్యాయం కాదు. పెట్టెలన్నీ వద్దంటే మొత్తం 7,600 మీరు కట్టిన ఖాతాకే వేస్తాను, పెట్టెలు తీసుకోడానికి మా మనిషి వస్తాడు, మీకు దారి ఖర్చు ఉండదు. కొన్ని ఉంచుకుంటానంటే ఉంచుకున్నవాటికి ఒక్కోటి 500 లెక్క. అది నాకు పడిన ధర, ఇందులో నాకు మిగిలేదేమీ లేదు. ఉదాహరణకి నాలుగు ఉంచుకుని ఎనిమిది ఇచ్చేస్తే మీకు పడేది 2,000, మీకు నేను వేసేది 5,600. అన్నీ ఉంచుకుంటే 1,600 వెనక్కి వస్తుంది. ఈ పప్పు సరిగ్గా ఆరింది, కవర్ విప్పకపోతే సంక్రాంతి దాటినా బాగుంటుంది. దీపాల బొమ్మ అట్ట తీసేసి బొమ్మలేని పెట్టెలు ఉచితంగా ఇస్తాను, సంక్రాంతికి స్టాఫ్‌కి ఇవ్వొచ్చు. నా మాట నమ్మాల్సిన పని లేదు, ఒకటి విప్పి 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి. విప్పినదానికి డబ్బు అడగను.

వచ్చే ఆర్డర్‌లో తగ్గింపు ఇస్తానని మాత్రం అనను. అలా అంటే మీ నష్టానికి బదులు మీ చేతే ఇంకోసారి కొనిపించినట్టవుతుంది. స్వీట్ షాపు బిల్లు నేను కట్టలేను, ముందే చెబుతున్నాను. ఆ స్వీట్లు మీ స్టాఫ్ తిన్నారు, వాటికి విలువ ఉంది.

ఇకపై పండగ వారంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు పది పెట్టెలు దాటిన ఆర్డర్లు కొరియర్‌కి ఇవ్వను, మనిషితో రైల్లో పంపుతాను. చిన్న ఆర్డర్లకి అది గిట్టుబాటు కాదు, అవి కొరియర్‌లోనే వెళ్తాయి, కాబట్టి పండగకి పది రోజుల ముందే ఆర్డర్లు ఆపేస్తాను. ఆ పాత ఫ్యాక్టరీ దగ్గర ఇక కొనను. ఆయన కబురు పెట్టాడు, ధర తగ్గిస్తాడట. జవాబు ఇవ్వలేదు.

మీకు ఎన్ని పెట్టెలు ఉంచాలో అంకె ఒక్కటి పంపండి, సున్నా అయినా సరే. బుధవారం మధ్యాహ్నం మా అబ్బాయి మీ సెంటర్‌కి వస్తాడు. అతను పెట్టెలు తీసుకునేలోపే డబ్బు మీ ఖాతాలో పడుతుంది. పడకపోతే పెట్టెలు అతనికి ఇవ్వకండి.